రెండున్నరా, అరవై రెండున్నరా?

2022 మే 4న వడ్డీ రేట్ల ప్రకటన ఏదీ రావాల్సింది కాదు. రిజర్వ్ బ్యాంకు ద్రవ్య విధాన కమిటీ మళ్లీ కూర్చోవాల్సింది జూన్‌లో. అయినా ఆ మధ్యాహ్నం గవర్నర్ శక్తికాంత దాస్ ఉన్నట్టుండి కెమెరా ముందుకొచ్చి, రెపో రేటును 4 శాతం నుంచి 4.40 శాతానికి పెంచుతున్నట్టు చెప్పారు. దాదాపు రెండేళ్లుగా కదలని రేటు అది. ఒకసారి కదిలాక ఇక ఆగలేదు. జూన్‌లో 4.90, ఆగస్టులో 5.40, సెప్టెంబరు చివర 5.90, డిసెంబరులో 6.25 అయింది. 2023 ఫిబ్రవరి 8న 6.50 దగ్గర నిలిచింది.

తొమ్మిది నెలల్లో రేటు ఎంత పెరిగినట్టు?

ఆరున్నరలోంచి నాలుగు తీసేస్తే రెండున్నర మిగులుతుంది. ఇది తీసివేత లెక్క. దీన్ని 2.5 శాతం పాయింట్ల పెరుగుదల అంటారు. ఆ రెండున్నరను మొదట ఉన్న నాలుగుతో పోల్చి, నాలుగులో అది ఎన్నో వంతని అడిగితే 62.5 శాతం అని వస్తుంది. ఇది భాగహారం లెక్క. దీన్ని శాతం మార్పు అంటారు. రెండూ నిజాలే, ఒకే సంఘటన గురించి చెప్పినవే. ఒకటి వింటే పెద్ద విషయం కాదులే అనిపిస్తుంది, రెండోది వింటే గుండె దడదడలాడుతుంది.

మన పత్రికలు ఇలాంటప్పుడు ‘రెపో రేటు పావు శాతం పెంపు’ అని శీర్షిక పెడతాయి. పదాలను ఉన్నవున్నట్టు పట్టుకుంటే 6.25లో పావు శాతమంటే 0.0156 మాత్రమే. రేటు 6.27 దాకా కూడా పోదు. కానీ ఎవరూ అలా చదవరు. 6.25 కాస్తా 6.50 అయిందనే అర్థం చేసుకుంటారు. రెపో రేటు గురించి వినీ వినీ చెవికి అలవాటైంది కాబట్టి చెల్లుతోంది. చిక్కంతా అలవాటు లేనిచోట వస్తుంది. అందుకే బ్యాంకుల్లో, బాండ్ల మార్కెట్లో పనిచేసేవాళ్లు శాతం పాయింటును వంద ముక్కలు చేసి, ఒక్కో ముక్కను బేసిస్ పాయింట్ అంటారు. 40 బేసిస్ పాయింట్లంటే 0.40 శాతం పాయింట్లు, అంతే. ఇందులో భాగహారానికి చోటు లేదు. రిజర్వ్ బ్యాంకు తన తీర్మానాల్లో బేసిస్ పాయింట్లు చెప్పి ఊరుకోకుండా, రేటు ఎంతకు చేరిందో కూడా ఆ వాక్యంలోనే రాస్తుంది. అంత జాగ్రత్త మన శీర్షికల్లో కనబడదు.

పాయింట్ల మీద బ్యాంకులవాళ్లకు ఇంత మక్కువ ఎందుకంటే, పాయింట్లు కూడికకు లొంగుతాయి. పై ఆరు పెంపులు వరుసగా 40, 50, 50, 50, 35, 25 బేసిస్ పాయింట్లు. అన్నీ కలిపితే 250, అంటే రెండున్నర శాతం పాయింట్లు. లెక్క సరిపోయింది. అవే ఆరు పెంపులను శాతం మార్పుల్లో రాస్తే మొదటిది 10 శాతం, రెండోది 11.4, ఆ తర్వాతవి 10.2, 9.3, 5.9, చివరిది 4 శాతం. వీటిని కూడితే దాదాపు 51 వస్తుంది కానీ 62.5 రాదు. ఒక్కో మెట్టు దగ్గర భాగించే అంకె మారిపోతోంది మరి. జూన్‌లో 4.40తో భాగించాం, ఫిబ్రవరిలో 6.25తో. వేర్వేరు అంకెల మీద కట్టిన శాతాలను నేరుగా కూడితే లెక్క తేడా రాక తప్పదు.

వెనక్కి వచ్చేటప్పుడు తమాషా ఇంకా ముదురుతుంది. 2025లో రిజర్వ్ బ్యాంకు నాలుగు విడతలుగా రేటు తగ్గించుకుంటూ వచ్చి, డిసెంబరు నాటికి 5.25కు తెచ్చింది. అంటే ఎక్కిన రెండున్నర పాయింట్లలో ఒకటింపావు దిగింది, సరిగ్గా సగం. శాతాల్లో చెబితే ఎక్కింది 62.5, దిగింది 19.2. ప్రభుత్వం తరఫున టీవీ చర్చలో కూర్చున్నాయన ‘పెంచినదాంట్లో సగం తగ్గించాం’ అంటాడు. ఎదుటి కుర్చీలో ఆయన ‘62 శాతం పెంచి 19 శాతం తగ్గించారు’ అంటాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. కాకపోతే రెండో ఆయన రెండు శాతాలను పక్కపక్కన పెట్టి, ఒకటి 4 మీద కట్టింది, ఇంకొకటి 6.5 మీద కట్టింది అన్న సంగతి చెప్పకుండా దాటేశాడు. పూర్తిగా 4 దాకా దిగి ఉన్నా ఆయన లెక్కలో తగ్గింపు 38.5 శాతం దగ్గరే ఆగిపోయేది.

రెపో రేటన్నది బ్యాంకులు రిజర్వ్ బ్యాంకు దగ్గర స్వల్పకాలానికి అప్పు తెచ్చుకునే రేటు. మామూలు కుటుంబానికి అది ఇంటి అప్పు రూపంలో తగులుతుంది. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు ఇచ్చే ఫ్లోటింగ్ రేటు గృహ రుణాలను రెపో లాంటి ఒక బయటి రేటుకు ముడిపెట్టాలన్నది నిబంధన. చాలా బ్యాంకులు రెపోనే ఎంచుకున్నాయి. రెపో మీద బ్యాంకు తన వాటాగా కొంత కలుపుకుంటుంది. ఆ కలిపేదాన్ని స్ప్రెడ్ అంటారు. 2022 మొదట్లో రెపో 4, స్ప్రెడ్ రెండున్నర, మొత్తం ఆరున్నర శాతానికి ఇంటి అప్పు తీసుకున్న ఒక ఉద్యోగిని ఊహించుకుందాం. అప్పు 30 లక్షలు, గడువు 20 ఏళ్లు. నెలకు కిస్తీ 22,367 రూపాయలు పడుతుంది.

రెపో రెండున్నర పాయింట్లు పెరిగింది. స్ప్రెడ్ మారలేదు. కాబట్టి ఈ ఉద్యోగి రేటు కూడా సరిగ్గా రెండున్నర పాయింట్లు పెరిగి 9 అయింది. పాయింట్లు పైనుంచి కిందిదాకా చెక్కుచెదరకుండా వచ్చాయి. శాతం మార్పు మాత్రం దారిలోనే కరిగింది. రెపో పెరిగింది 62.5 శాతమైతే ఇంటి అప్పు రేటు పెరిగింది 38.5 శాతమే, ఎందుకంటే ఇక్కడ రెండున్నరను భాగించేది నాలుగుతో కాదు, ఆరున్నరతో. ‘రెపో 62 శాతం పెరిగింది కాబట్టి నా కిస్తీ కూడా 62 శాతం పెరుగుతుందేమో’ అని బెంగపడేవాళ్ల లెక్క ఇక్కడే తప్పుతుంది.

మరి కిస్తీ ఎంత పెరిగింది? గడువు మార్చకుండా కొత్త రేటుతో కడితే నెలకు 26,992 రూపాయలు. పాతదాని మీద 4,625 రూపాయలు ఎక్కువ, అంటే 20.7 శాతం. కిస్తీలో వడ్డీతో పాటు అసలు కూడా ఉంటుంది. 30 లక్షల అసలు ఏ రేటుకైనా 30 లక్షలే, అందువల్ల కిస్తీలో పెరుగుదల రేటులో పెరుగుదలంత ఉండదు. ఇంకో అంకె కూడా ఉంది. ఇరవై ఏళ్లలో కట్టే మొత్తం వడ్డీ 23.68 లక్షల నుంచి 34.78 లక్షలకు ఎగబాకింది, అంటే దాదాపు 47 శాతం. ఒకే రెండున్నర పాయింట్లు రెపో దగ్గర 62.5 శాతంగా, అప్పు రేటు దగ్గర 38.5గా, మొత్తం వడ్డీ దగ్గర 47గా, నెల కిస్తీ దగ్గర 20.7గా కనిపించాయన్నమాట. ఎవరైనా ‘వడ్డీ భారం ఇంత శాతం పెరిగింది’ అంటే, వీటిలో దేని గురించి అంటున్నారో తేలేదాకా ఆ మాటకు అర్థం లేదు.

నెల లెక్క దగ్గరికి ఇంకొంచెం వంగి చూస్తే అసలు దెబ్బ ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. ఆరున్నర శాతం మీద 30 లక్షలకు మొదటి నెల వడ్డీ 16,250 రూపాయలు. కిస్తీలో మిగిలిన 6,117 అసలుకు జమ. 9 శాతమైతే అదే 30 లక్షలకు నెల వడ్డీ 22,500. పాత కిస్తీ 22,367. అంటే కిస్తీ వడ్డీకే చాలదు! కిస్తీ కట్టినా మొదటి నెలే బాకీ 133 రూపాయలు పెరుగుతుంది.

నిజానికి పెంపు ఒక్కరోజులో రాలేదు, ఈలోగా కొంత అసలు తీరి ఉంటుంది. 60 వేలు తీరి బాకీ 29 లక్షల 40 వేలకు వచ్చిందనుకుందాం. నెల వడ్డీ 22,050. పాత కిస్తీలో ఇక అసలుకు పోయేది 317 రూపాయలే. అదే కిస్తీతో ఆ బాకీ పూర్తిగా తీరాలంటే దాదాపు 570 నెలలు పడుతుంది. ఇరవై ఏళ్ల అప్పు నలభై ఏడేళ్ల అప్పయింది. నలభైకి దగ్గరపడిన ఉద్యోగికి అప్పు తీరేది ఎనభై దాటాకే. రేట్లు పెరుగుతున్న ఆ సమయంలో బ్యాంకులు చాలామందికి కిస్తీ పెంచకుండా గడువు పొడిగించాయి. నెలనెలా ఖాతాలోంచి పోయే మొత్తం మారలేదు కనుక ఏదో జరిగిందని చాలామంది గమనించనే లేదు. 2023 ఆగస్టు 18న రిజర్వ్ బ్యాంకు ఇందుకోసమే సర్క్యులర్ ఇవ్వాల్సి వచ్చింది. రేటు మారినప్పుడు కిస్తీ పెంచుకోవాలా, గడువు పొడిగించుకోవాలా, రెండూ కొంచెం కొంచెమా అన్నది అప్పు తీసుకున్నవాళ్లే ఎంచుకోవాలి. గడువు పొడిగింపు వల్ల కిస్తీ వడ్డీకి కూడా చాలని పరిస్థితి రాకూడదు. సర్క్యులర్‌లో ముఖ్యమైన మాటలివి.

పాయింట్లకూ శాతానికీ మధ్య గందరగోళం ఎక్కువగా పెంపులో కాదు, రాయితీలో దాగి ఉంటుంది. కిసాన్ క్రెడిట్ కార్డు మీద ఇచ్చే పంట రుణాన్నే తీసుకోండి. కేంద్రం వడ్డీ రాయితీ పథకం కింద ఒక పరిమితి దాకా స్వల్పకాల పంట రుణానికి రైతుకు పడే రేటు 7 శాతం. గడువులోపు తిరిగి కడితే మరో 3 శాతం ప్రోత్సాహకం. ఆ మూడు శాతం దేనిలో? ఏడులో మూడు శాతమైతే తగ్గేది 0.21 మాత్రమే, రేటు 6.79 అవుతుంది. లక్ష రూపాయలు ఏడాది వాడుకున్న రైతుకు 7,000 బదులు 6,790 వడ్డీ పడుతుంది. ఆ 210 రూపాయల కోసం ఎవరూ గడువు తేదీ గుర్తుపెట్టుకుని పరుగెత్తరు. పథకం ఇచ్చేది అది కాదు. 3 శాతం పాయింట్లు తగ్గి రేటు 4 అవుతుంది, వడ్డీ 4,000 పడుతుంది. అంటే వడ్డీలో దాదాపు 43 శాతం మాఫీ అయినట్టే. ఇక్కడ ‘3 శాతం’ అన్న చిన్న అంకె పథకాన్ని ఉన్నదానికంటే చిన్నదిగా చూపిస్తోంది.

ప్రైవేటు ప్రకటనల్లో ఇది తిరగబడుతుంది. ‘వడ్డీపై 10 శాతం తగ్గింపు’ అన్న పెద్దక్షరాల వెనుక 15 శాతం రేటు 13.5 అవుతోందా, 5 అవుతోందా? అలా అడగ్గానే జవాబు తేలిపోతుంది, ఎందుకంటే 5 శాతానికి పర్సనల్ లోన్ ఎవరిస్తారు? తగ్గించేవాడు శాతం మార్పు చెబుతాడు, అంకె పెద్దదిగా ఉంటుంది కనుక. పెంచేవాడు పాయింట్లు చెబుతాడు, అంకె చిన్నదిగా ఉంటుంది కనుక. ఈ రెండు అలవాట్లలో మోసం ఉందనలేం కానీ, ఏ కొలత వాడాలన్నది ఎంచుకునేది మాత్రం అమ్మేవాడే.

డిపాజిట్ల మీద బతికేవాళ్లకు శాతం మార్పే అసలు కొలత. 20 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసుకుని, 7 శాతం వడ్డీతో ఇల్లు గడుపుతున్న పెన్షన్ లేని రిటైర్డ్ దంపతులు ఉన్నారనుకోండి. రెన్యువల్ నాటికి రేటు 6.25కు దిగింది. ‘ముప్పావు శాతమే కదా తగ్గింది’ అని కౌంటర్ దగ్గర అంటారు. ఏడాది వడ్డీ లక్షా నలభై వేల నుంచి లక్షా పాతిక వేలకు పడింది. వాళ్ల రాబడి తగ్గింది ముప్పావు శాతం కాదు, 10.7 శాతం. మందుల ఖర్చూ కరెంటు బిల్లూ తగ్గవు కాబట్టి వాళ్లకు తెలిసేది ఆ రెండో అంకే.

ఈ తికమక అంతా బ్యాంకు లెక్కలకు సంబంధించినదే. ఊళ్లో చేబదుళ్ల దగ్గర, ప్రామిసరీ నోట్ల దగ్గర ఇది పుట్టదు. అక్కడ రేటును శాతాల్లో చెప్పరు. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటారు. నూటికి నెలకు రెండు రూపాయలన్నమాట, ఏడాదికి 24 శాతం. షావుకారు ‘ఈసారి అర్ధరూపాయి పెంచాను’ అంటే రెండు కాస్తా రెండున్నర అయిందని చదువు రానివాళ్లకు కూడా తెలుసు. రెండు రూపాయల్లో అర్ధరూపాయి శాతం ఎంతని ఎవరూ అడగరు. పెంపును రూపాయల్లో చెబుతున్నారు కనుక అది కూడికే అయి తీరుతుంది. నూటికి ఇన్ని రూపాయలన్న ఈ పద్ధతి పాయింట్ల లెక్కే, మరో పేరుతో.

అయితే ఒక కొలత నుంచి ఇంకో కొలతకు మారేటప్పుడు నెలకూ ఏడాదికీ తేడా మరిచిపోకూడదు. షావుకారి అర్ధరూపాయి నెలకు, కాబట్టి ఏడాదికి 6 శాతం పాయింట్లు. రిజర్వ్ బ్యాంకు ‘అర శాతం’ ఏడాదికి, కాబట్టి ఊరి లెక్కలో నూటికి నెలకు నాలుగు పైసలు చిల్లర. దాస్ మే 4న ప్రకటించిన 40 బేసిస్ పాయింట్లు ఊరి కొలతలో మూడు పైసల పైచిలుకు. తొమ్మిది నెలల పెంపు మొత్తం కలిపినా 21 పైసలు దాటదు. ఆరున్నర శాతం ఇంటి అప్పు 54 పైసల వడ్డీ, 9 శాతం అంటే ముప్పావలా వడ్డీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మహిళా సంఘాల కోసం తెచ్చిన పథకానికి ‘పావలా వడ్డీ’ అని పేరు పెట్టింది కూడా ఈ కొలతలోనే. ఏడాదికి 3 శాతం అనే బదులు నూటికి నెలకు పావలా అన్నారు, సంఘాల్లోని ఆడవాళ్లకు అది వెంటనే అందింది.

శాతం మార్పు అసలు పనికిరాకుండా పోయే చోటు కూడా ఒకటుంది. రేటు సున్నాకు దగ్గరగా ఉన్నప్పుడు భాగహారం పిచ్చి అంకెలిస్తుంది. సున్నా కిందకు పోతే పూర్తిగా చతికిలబడుతుంది. జపాన్ కేంద్ర బ్యాంకు స్వల్పకాల రేటు ఏళ్ల తరబడి మైనస్ 0.1 శాతంగా ఉండేది. 2024 మార్చి 19న దాన్ని సున్నాకూ 0.1కీ మధ్యకు తెచ్చింది. పై అంచునే పట్టుకుంటే పెరిగింది 0.2 శాతం పాయింట్లు. దీన్ని శాతం మార్పుగా రాయాలంటే 0.2ను మైనస్ 0.1తో భాగించాలి. జవాబు మైనస్ 200 శాతం వస్తుంది. రేటు పెరిగిందా అంటే పెరిగింది, సూత్రం మాత్రం తగ్గిందంటోంది.

ఆ జులైలో జపాన్ రేటు 0.25 అయింది, 2025 జనవరి 24న 0.50 అయింది. ఆ రెండో అడుగు పావు పాయింటు, శాతంలో చెబితే సరిగ్గా 100. రెండు వారాల తర్వాత ఫిబ్రవరి 7న ముంబైలో కొత్త గవర్నర్ సంజయ్ మల్హోత్రా రెపోను 6.50 నుంచి 6.25కు తగ్గించారు. అదీ పావు పాయింటే, శాతంలో 3.85. టోక్యోలో ‘రేటు రెట్టింపు’ అని శీర్షిక పెడితే తప్పు పట్టలేం. కానీ అక్కడా ఇంటి అప్పు రేటు కేంద్ర బ్యాంకు రేటుకంటే ఎత్తులో ఉంటుంది. ఉదాహరణకు ఒక శాతం వడ్డీ కడుతున్న కుటుంబానికి ఆ పావు పాయింటు మొత్తం చేరినా రేటు 1.25 అవుతుంది తప్ప రెండు కాదు. వాళ్ల కిస్తీలో వడ్డీ భాగం పెరిగేది 25 శాతం. అంత తక్కువ రేటు దగ్గర కిస్తీలో ఎక్కువ భాగం అసలే కాబట్టి మొత్తం కిస్తీ పెరిగేది అందులో చిన్న వంతే.